మూడుసార్లు చదవకుండా సంతకం చేసిన అగ్రిమెంటు

నా డైరీలో ఆ శుక్రవారం పేజీ తీస్తే ఆరు వాక్యాలు కనిపిస్తాయి. ఎండ ఎక్కువ. కుళాయి నీళ్ళు ఇరవై నిమిషాలు వచ్చాయి. చెప్పు తెగితే కుట్టించాను. కొత్త ఇంటి అగ్రిమెంటు మీద సంతకం చేశాను. తర్వాత టీ తాగాం. టీలో అల్లం ఎక్కువైంది.

టీలో అల్లం ఎంత పడిందో గుర్తు పెట్టుకుని రాసుకున్న మనిషి, అంతకు పావుగంట ముందు తాను దేనికి ఒప్పుకున్నాడో ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. కారణం సులభం. నాకు తెలియదు. నేను చదవలేదు.

ఇందులో తమాషా ఏమిటంటే, ముప్పై నాలుగేళ్ళు సర్కారు ఆఫీసులో కాగితాలు చదవడమే నా ఉద్యోగం. చివరి పదేళ్ళు సూపరింటెండెంటును. కింది నుంచి వచ్చిన ఫైల్లో ఒక తేదీ తప్పుంటే వెనక్కి పంపేవాణ్ణి. నేను సంతకం పెట్టాలంటే ఫైలు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా నా కళ్ళ కింద పోవాల్సిందే. రిటైరయ్యాక మా ఆవిడా నేనూ కర్నూలులోనే ఒక మేడ మీది వాటా అద్దెకు తీసుకున్నాం. ఆ రోజు మాత్రం నా కళ్ళు సెలవు పెట్టాయి.

సెలవు మంజూరు చేసింది ఇంటి ఓనరు. ఎరువుల అంగడి ఆయనది. కింది వాటాలో ఆయన కుటుంబం, పైన మేము. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురుగా రేకుల కింద కూర్చునే డాక్యుమెంట్ రైటరు దగ్గరికి నన్ను స్కూటర్ మీద తీసుకుపోయాడు. పోయేసరికి పదీ ఇరవై. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం. ప్రింటరు లోంచి కాగితాలు ఇంకా వేడిగా వస్తుండగానే ఓనరు గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు.

"సార్, బిరీన సంతకం పెట్టండి. పది నిమిషాలుండాది. రాహుకాలంలో పెడితే మీకే మంచిది గాదు."

నాకు మంచిది కాదట. ఆయనకు నా మీద అంత దయ. నేను కళ్ళజోడు తీసి ముక్కు మీద పెట్టుకోగానే ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఏమి సార్, చదువుతాండారా? నమ్మకం లేదా? అన్నీ మామూలుగా రాసేటివే."

మా వైపు ఇదొక మర్యాద. అద్దెకు వచ్చేవాడు అగ్రిమెంటు చదివితే ఇచ్చేవాణ్ణి దొంగ అన్నట్టు. పెళ్ళిచూపులకు పోయి పిల్లవాడి పళ్ళు లెక్కపెట్టినట్టు చూస్తారు. చదవకుండా సంతకం పెడితే పెద్దమనిషి. నేను పెద్దమనిషిని కావాలనుకున్నాను. కళ్ళజోడు మళ్ళీ జేబులో పెట్టుకుని, చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. సాక్షి సంతకాలు పెట్టినవాళ్ళలో ఒకరు టీ కొట్టాయన. ఆయన కూడా చదవలేదు, కానీ టీ డబ్బులు మాత్రం ముందే తీసుకున్నాడు. మా ముగ్గురిలో తెలివైనవాడు ఆయనే.

అగ్రిమెంటు పదకొండు నెలలకు. ఏడాదికి మించి రాస్తే రిజిస్టరు చేయించాలి, దానికి ఖర్చు, తిరుగుడు. అందుకని ఊరంతా పదకొండు నెలలకే రాసుకుంటుంది. పదకొండు నెలలు గడిచాక ఓనరు తేదీలు మార్పించి, అద్దె కొంచెం పెంచి, కొత్త స్టాంపు కాగితం మీద ప్రింటు తెప్పించాడు. రెండోసారి ఆయన స్కూటర్ సీటు మీద పెట్టి సంతకం చేశాను. మూడోసారి ఆయన అంగట్లో, యూరియా మూట మీద. రెండుసార్లూ చదవలేదు. మొదటిసారి చదవనిది ఇప్పుడు చదివితే ఏమనుకుంటాడో అని మొహమాటం. మొహమాటం కూడా అగ్రిమెంటు లాంటిదే. ఒకసారి మొదలైతే రెన్యువల్ అవుతూ పోతుంది.

ఇలా రెండున్నరేళ్ళు సుఖంగా నడిచింది. ఆ తర్వాత మా ఆవిడ మోకాలు మమ్మల్ని నేల మీదికి దించింది.

ఆపరేషన్ చేసిన డాక్టరు గట్టిగా చెప్పాడు, మెట్లు ఎక్కకూడదని. మా వాటాకు ఇరవై రెండు మెట్లు. ఈ లెక్క డైరీలో ఉంది, ఇల్లు చూసిన మొదటి రోజే రాసుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు ఆమెను పైకి మోశారు. ఆ రోజు నుంచి ఆమె ప్రపంచం రెండు గదులూ, వంటిల్లూ, వీధి వైపు కిటికీ. చర్చికి పోవడం ఆగిపోయింది. పక్కింటామె కింద నుంచి అరిచి మాట్లాడితే ఈమె పైనుంచి అరిచి జవాబు చెప్పేది. వీధి మొత్తానికి మా ఇంటి సంగతులు తెలిసిపోయాయి.

"నన్ను ఈడ అటక మీద పెట్టినట్టు పెట్టినారు," అంది ఒకరోజు. "దింపుతారా, ఇట్లే ఉంచుతారా?"

రెండు వీధుల అవతల కింది వాటా ఒకటి ఖాళీ అయింది. ఓనరమ్మ సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ముస్లిం ఆవిడ. మోకాలి ఆపరేషన్ అనగానే, "అన్నా, ఒకటో తేదీ దాకా ఎవరికీ ఇయ్యను. ఆ పైన నా చేతిలో లేదు. నా తమ్ముడు ఎవర్నో తెస్తాండాడు," అంది. ఒకటో తేదీకి ఇరవై రోజులు. ఆమెకు అడ్వాన్సు ఇవ్వాలంటే పాత ఇంట్లో పెట్టిన అడ్వాన్సు చేతికి రావాలి. మిగిలినదంతా ఆసుపత్రి వాళ్ళు మోకాలి కింద జమ వేసుకున్నారు.

అదే సాయంత్రం కిందికి దిగి మా ఓనరుకు సంగతి చెప్పాను. ఆయన చేతి వేలితో గాలిలో మూడు గీతలు గీశాడు.

"మూడు నెల్ల ముందర చెప్పల్ల సార్. ఊర్లో యాడైనా అంతే."

"మోకాలు మూడు నెలల ముందు చెప్పలేదు కదా," అన్నాను.

"దానికి నేనేం జేసేది సార్? అడ్వాన్సు కూడా కొత్త మనుషులు దిగినాంక. వాళ్ళిచ్చేది తీసి మీ చేతిలో పెడతా. నేనేమన్నా బ్యాంకా, అడిగిన పొద్దు ఇచ్చేదానికి?"

"ఇవన్నీ ఎక్కడ రాసుకున్నాం?"

"అగ్రిమెంటులో ఉండాది. చూసుకోపోండి సార్."

ఆ మాటకు నేను ఆయనకు జీవితాంతం రుణపడి ఉన్నాను. రెండున్నరేళ్ళలో నన్ను అగ్రిమెంటు చదవమన్న మొదటి మనిషి ఆయనే. ఆయన కూడా దాన్ని చదవలేదన్న సంగతి నాకు అప్పటికి తెలియదు.

పైకి వచ్చి ఇనుప బీరువాలోంచి ఫైలు తీశాను. కరెంటు బిల్లులు వరస తేదీల్లో, గ్యాస్ రశీదులు వరస తేదీల్లో, వాటి కింద మూడు అగ్రిమెంట్లు వరస తేదీల్లో. మడత కూడా విప్పని కొత్త కాగితాలు. మా ఆవిడ మంచం మీద నుంచి చూస్తూ ఉంది.

"చెనిక్కాయల పొట్లం గూడా విప్పి చదివి పారేస్తారు గదా మీరు. దీన్నెందుకు చదవలే?"

దీనికి ఆఫీసులో అయితే 'సమాధానం పరిశీలనలో ఉన్నది' అని రాయవచ్చు. ఇంట్లో అది చెల్లదు. చదవడం మొదలుపెట్టాను.

మొదటి మూడు పేరాల్లో ఎవరు ఎవరికి, ఏ ఇల్లు, ఎంత అద్దె. నాలుగో పేరా దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. తర్వాత గట్టిగా చదివాను.

"ఉభయ పక్షముల వారిలో ఎవరైననూ ఖాళీ విషయమై పదిహేను దినముల ముందుగా వ్రాతమూలకముగా తెలియజేయవలెను."

"మూడు నెల్లు గాదా?" అంది ఆమె.

"పదిహేను రోజులు. ఎవరికైనా సరే."

ఆరో పేరా ఇంకా బాగుంది. "సదరు అడ్వాన్సు మొత్తమును అద్దెదారు తాళము అప్పగించిన దినముననే యజమాని తిరిగి చెల్లించవలెను." కొత్త మనుషులు దిగడం, దిగకపోవడం అన్న మాటే లేదు. నాకు అగ్రిమెంటు మీద గౌరవం పెరిగిపోయింది. ఇంత మంచిది నేనే రాయించుకున్నానా అనిపించింది.

తొమ్మిదో పేరా చదివేసరికి ఆ గౌరవం తగ్గింది. "సదరు ఇంటి సమస్త మరమ్మతులు, మోటారు, స్టార్టరుతో సహా, అద్దెదారే చేయించుకొనవలెను. ఖాళీ చేయునపుడు గోడలకు రంగు వేయించి, నేల పాలిషింగు చేయించి అప్పగించవలెను." పోయిన వేసవిలో మోటారు కాలితే రీవైండింగ్‌కు సగం నేనిచ్చి, సగం ఆయన చేత పెట్టించాను. బేరమాడి గెలిచానని డైరీలో రాసుకున్నాను. కాగితం ప్రకారం మొత్తం నాదే. గెలిచింది నేనే, కానీ ఎంత గెలిచానో ఇప్పుడే తెలిసింది.

పదకొండో పేరా: "సదరు ఇంటిలో రాళ్ళ పాలిషింగు వలన ఏర్పడు బురదను అద్దెదారు తన స్వంత ఖర్చులతో బయటికి తరలించవలెను."

మా ఆవిడ మంచం మీంచి నేల వైపు చూసింది. తర్వాత, "ఈ రెండున్నరేళ్ళలో మీరు ఎన్ని బండలు పాలిష్ చేసినారు?" అని అడిగింది.

మరుసటి రోజు పొద్దున కార్బన్ కాగితం పెట్టి నోటీసు రెండు ప్రతులు రాశాను. ఒకటి ఓనరు చేతికిచ్చి, రెండో దాని మీద 'అందినది' అని సంతకం, తేదీ అడిగాను. ఆయన నవ్వాడు. నేను నాలుగో పేరా చదివి వినిపించాక నవ్వు ఆపాడు. ఆరో పేరా చదివాక లేచి నిలబడ్డాడు.

"అట్ల ఉండదు సార్. టైపింగ్ మిస్టేక్."

"మూడుసార్లూనా?"

"పదండి, రైటరు దగ్గరికే పోదాం."

మళ్ళీ అదే స్కూటరు, అదే రేకుల కింద అదే మనిషి. ఈసారి రాహుకాలం మాట ఎవరూ ఎత్తలేదు. ఓనరు అగ్రిమెంటును బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు.

"ఏమప్పా, ఇదెవరిదప్పా నువ్వు రాసింది? పదిహేను రోజులంట!"

డాక్యుమెంట్ రైటరు కళ్ళజోడు పెట్టుకుని తాపీగా నాలుగో పేరా చూశాడు, పదకొండో పేరా చూశాడు. బురద మాట కనబడగానే ఆయన ముఖం విప్పారింది.

"నీదేనప్పా ఇది. బేతంచెర్లలో నీ షెడ్డు బాడుగకిచ్చినావే, ఆ కాయితం. నువ్వు ఫోన్ జేసి పాతదే తియ్యప్పా, పేర్లు మార్చు అంటివి. పేర్లు మార్చినా. షెడ్డు అన్న కాడంతా ఇల్లు అని పెట్టినా."

"షెడ్డు షరతులు తియ్యకూడదా?" అన్నాడు ఓనరు.

"నువ్వు తియ్యమనలే గదా. మూడు తూర్లు సంతకం పెట్టుకోనిపోతివి. సారు గూడా పెట్టినాడు." ఆయన నా వైపు తిరిగి, "సార్ గవర్నమెంటులో పనిచేసినారు కాబట్టి చదివింటారు అనుకుంటి," అన్నాడు.

ఈ వాక్యాన్ని నేను డైరీలో రాసుకోలేదు. రాసుకోకపోయినా గుర్తుంటుంది.

ఓనరు బేతంచెర్లలో నాపరాళ్ళు పాలిష్ చేసే షెడ్డును కొన్నేళ్ళ కింద ఒకాయనకు అద్దెకిచ్చాడు. ఆ షెడ్డు తాలూకు కాగితమే మా ఇంటి కాగితం. పదిహేను రోజుల నోటీసూ, తాళం ఇచ్చిన రోజే అడ్వాన్సూ షెడ్డు తీసుకున్నాయన అడిగి రాయించుకున్నవి. మరమ్మతులూ, నేలా, బురదా ఓనరు రాయించుకున్నవి. ఇద్దరు మనుషులు కొట్లాడి రాయించుకున్న కాగితం కింద, కొట్లాడని మేమిద్దరం సంతకాలు పెట్టాం.

"దీన్ని మార్చేయ్," అన్నాడు ఓనరు.

"మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాల," అన్నాడు రైటరు. "సార్, ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోను," అన్నాను. ఉద్యోగంలో ఎన్ని ఫైళ్ళు వెనక్కి కొట్టానో, వాటన్నిటిలో రానంత సుఖం ఆ ఒక్క మాటలో వచ్చింది.

ఆ సుఖం ఒకటిన్నర నిమిషం నిలిచింది. ఆ లోపల ఓనరు ఆ కాగితాన్ని తన జీవితంలో మొదటిసారి చదవడం మొదలుపెట్టాడు. పేరా పేరాకూ వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ. తొమ్మిదో పేరా దగ్గర వేలు ఆగింది.

"ఇదేంది సార్, నేల పాలిషింగు జేయించి ఇయ్యల్లంట మీరు."

మా వాటా నేల బేతంచెర్ల బండలదే. తెల్లవి, అంచులు కొంచెం అరిగినవి.

"రంగులు గూడా ఉండాయి," అన్నాడు ఆయన ఆనందంగా. ఇంకా కిందికి చదివి, "పాలిషింగు జేస్తే బురద వస్తాది. అది గూడా మీరే తియ్యల్ల. పదకొండో పాయింటు." రైటరు వైపు చూసి, "బాగానే రాసినావప్పా," అన్నాడు. ఇంతకు ముందు తిట్టిన దానికి అదే క్షమాపణ.

చదివితే కాగితం ఎవరికైనా అంతో ఇంతో పెడుతుంది. నేను ఒక పేరా చూపించి బిగదీసుకుని కూర్చుని, ఇంకో పేరా 'పొరపాటున పడింది' అనడం ఎలా? మూడు సంతకాలూ నావే. అయినా అడిగి చూశాను, ఇల్లు వాడుకుంటే నేల అరగదా, అది నా తప్పా అని. "మామూలు అరుగుదల వేరు అని రాసుకోనుంటే వేరే మాట సార్," అన్నాడు రైటరు. "దీంట్లో ఆ మాట లేదు." నిజమే. లేదు. నేను ఉండేలా చూసుకోవలసింది రెండున్నరేళ్ళ కింద.

చివరికి అక్కడే తేలింది. పదిహేను రోజులకు నేను ఖాళీ చేస్తాను. రంగులు, పాలిషింగు నావి. తాళం ఇచ్చిన రోజే అడ్వాన్సు ఇవ్వడం ఆయనది. ఈ మాటలన్నీ నోటీసు రెండో ప్రతి వెనక రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఈసారి ఇద్దరం చదివాం. ఆయన రెండుసార్లు చదివాడు. కొత్తగా నేర్చుకున్న విద్య కదా.

పాలిషింగుకు మనిషిని కూడా ఆయనే పిలిపించాడు, తక్కువలో చేస్తాడని. మిషను భుజాన మోసుకుని మెట్లెక్కి వచ్చిన ఆ మనిషి ఎవరో కాదు, ఒకప్పటి షెడ్డు బాడుగదారే. క్వారీ పని తగ్గాక షెడ్డు వదిలేసి ఇళ్ళల్లో నేలలు పాలిష్ చేసుకుంటున్నాడు. మా ఆవిడ మంచాన్ని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరుపుకుంటూ రెండు రోజులు పని నడిచింది. తెల్లటి పాల లాంటి బురద బకెట్లలో నింపి, ఇరవై రెండు మెట్లూ దింపించడం నా వంతు. ఒక్కో బకెట్టుకూ పదకొండో పేరా గుర్తొచ్చింది.

మధ్యాహ్నం మజ్జిగ తాగుతూ ఉంటే ఆయన్ను అడిగాను, పదిహేను రోజుల నోటీసు ఎందుకు రాయించుకున్నావని.

"క్వారీ పని నిలిచిపోతే షెడ్డు పెట్టుకోని ఏం జేసేది సార్? నెల బాడుగ ఊరికే పోతాది."

"మరి అడ్వాన్సు తాళం ఇచ్చిన రోజే అని?"

"ఆ దుడ్లు ఉంటేనే గదా ఇంకో కాడ మిషన్లు దింపేది. ఆయప్ప కొత్తోళ్ళు వచ్చినాంక ఇస్తా అనె. కొత్తోళ్ళు రాకపోతే నేను ముసలోణ్ణి అయ్యేదాకా ఈడనే కూర్చోల్లనా అంటి."

"అగ్రిమెంటు నువ్వే చదివావా?"

ఆయన నవ్వాడు. "నాకు చదువు యాడిది సార్? సంతకం ఒకటే వస్తాది. చదువు రాదు గాబట్టే ప్రతి అక్షరం మా పాపతో చదివిచ్చుకోని విన్నా. అర్థం గాకపోతే మళ్ళీ చదువు అంటి. ఆ రైటరు విసుక్కునె. విసుక్కుంటే విసుక్కోనీ. మీకేం సార్, మీరు చదివినోళ్ళు. మీకు ఆ కష్టం లేదు."

పక్క గదిలోంచి మా ఆవిడ దగ్గింది. జలుబు లేదు ఆమెకు.

పదిహేనో రోజు ఆమె కుర్చీలో కూర్చుంది. అదే ఇద్దరు మనుషులు, ఈసారి కిందికి, మళ్ళీ పైకి మోసే పని లేకుండా. దిగాక ఆమె ఒక్కసారి తలెత్తి పైకి చూసింది. నేను తాళం ఇచ్చాను. ఓనరు పైకి పోయి, చెప్పులు విప్పి, గది గదీ తిరిగి నేల చూసుకుని వచ్చాడు. వచ్చి అడ్వాన్సు ఇచ్చాడు, మాట ప్రకారం, తాళం ఇచ్చిన రోజే. ఇస్తూ, "నేల అద్దం మాదిరి ఉండాది సార్. ఈసారి బాడుగ ఐదొందలు పెంచొచ్చు," అన్నాడు. అభినందిస్తున్నాడనుకున్నాను.

కొత్త అగ్రిమెంటు అంతకు రెండు రోజుల ముందే రాసుకున్నాం, అడ్వాన్సు దిగే రోజు ఇచ్చే మాట మీద. ఆ రోజొక్కసారి కుర్చీలో కిందికి దింపించుకుని, దారిలో కొత్త ఇల్లు చూసుకుని, మా ఆవిడ ఆటోలో వచ్చి కూర్చుంది. నాకు చెప్పకుండానే కళ్ళజోడు తెచ్చుకుంది. అదీ శుక్రవారమే. మేము నర్సమ్మ అని పిలిచే కొత్త ఓనరమ్మ తమ్ముడికి జుమ్మా నమాజుకు పోవాలని తొందర.

"బిరీన పెట్టేద్దాం సార్, మామూలుదే."

"నువ్వు పో నమాజుకు," అంది నర్సమ్మ. "అన్న చదివి ముగించేలోపల నువ్వు తిరిగొస్తావు. నేను గూడా వింటా. నా ఇల్లు గూడా గదా."

గట్టిగా చదివాను. ఎవరైనా నోటీసు ఇవ్వాలంటే 'రాతపూర్వకంగా' అన్న మాట మొదటి ప్రతిలో లేదు, చేర్పించాను. నోటీసు ఎన్ని నెలలన్న చోట ఖాళీ గీత ఉంది. ఖాళీ గీత మీద సంతకం పెడితే అందులో తర్వాత ఎవరు ఏ అంకె రాసినా మనం ఒప్పుకున్నట్టే. నెల అని రాయించి, ఇద్దరికీ అదే అని రాయించాను. అడ్వాన్సు తాళం ఇచ్చిన రోజే బ్యాంకులో వేయాలని, అప్పటికి కట్టని కరెంటు బిల్లు ఉంటే అంతవరకే పట్టుకోవాలని. కుళాయి వాషర్లు, బల్బులు మావి. మోటారు, వైరింగు, పైకప్పు కారడం ఆమెవి, చెప్పిన వారంలోగా చేయించాలని. వాడుకలో వచ్చే మామూలు అరుగుదలకు కోత లేదని ఒక పేరా నేనే చెప్పి రాయించాను. ఆ పేరా నాకు ఎంత ఖరీదైందో రైటరుకు చెప్పలేదు.

"నేల పాలిషింగు పెట్టల్లనా సార్?" అని రైటరు అడిగాడు. ఈయన వేరే రైటరు. పాపం, మర్యాదకే అడిగాడు.

"వద్దు," అన్నాను, కొంచెం గట్టిగానే.

అన్నీ చదివి కళ్ళజోడు తీసి, ఇంకేమైనా ఉందా అని గర్వంగా చుట్టూ చూశాను. ఇంకేముంటుంది అన్న ధీమాతో.

"మెట్లు?" అంది మా ఆవిడ.

"కింది వాటాకు మెట్లెక్కడివి?"

"వాకిలి ముందర మూడుండాయి. మీరు లోపల గదులు కొలుస్తా ఉంటే నేను ఆటోలోనే కూర్చోని చూసినా. పట్టుకునేదానికి ఏమీ లేదు."

పాత ఇంటివి ఇరవై రెండు మెట్లు లెక్కపెట్టి డైరీలో రాసుకున్న మనిషిని, ఈ మూడు చూడలేదు. అగ్రిమెంటు ఒక్కటి చదివి ఇల్లు మొత్తం చదివాననుకున్నాను.

నర్సమ్మ ఆమె మోకాలి వైపు చూసింది. "ఇనుప పైపు కడ్డీ పెట్టిస్తానమ్మా. అన్నా, అది గూడా రాయండి, నేను మర్చిపోతే మీరు అడగొచ్చు." అప్పటికే ప్రింటు అయిపోయింది. చివరి పేజీ కింద రైటరు చేత్తో రాశాడు, దిగే రోజుకు ముందే వాకిలి మెట్లకు కడ్డీ పెట్టించవలెనని. ఆ చేతిరాత పక్కన నర్సమ్మా, నేనూ చిన్న సంతకాలు పెట్టాం. నమాజు నుంచి తిరిగొచ్చిన తమ్ముడు సాక్షి సంతకం పెట్టబోతూ, అక్క చూస్తోందని, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. అందరం అతని కోసం కూర్చున్నాం.

దిగిన రోజుకు కడ్డీ ఉంది. రంగు ఇంకా ఆరలేదు, మా ఆవిడ అరచేయికి ఎర్రగా అంటుకుంది. ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, మూడు మెట్లు తానే ఎక్కింది. వాకిట్లో ఆగి, వెనక్కి తిరిగి, మెట్ల మీంచి వీధి వైపు చూసింది. తర్వాతి ఆదివారం చర్చికి కూడా వెళ్ళింది. అరిచి మాట్లాడుకునే అవసరం లేకపోవడంతో మా ఇంటి సంగతులు వీధికి తెలియడం తగ్గింది. వీధికి అదొక లోటే అయి ఉంటుంది.

దిగిన రోజు రాత్రి డైరీలో టీ గురించి రాయలేదు. కొత్త అగ్రిమెంటు పేరాలన్నీ నా చేత్తో ఎత్తి రాశాను, ఐదు పేజీలు పట్టింది. చివర చేతిరాత పేరా రాసేటప్పుడు మా ఆవిడ వచ్చి భుజం మీంచి చూసింది.

"ఇది నాది," అంది. "దాని పక్కన నా పేరు రాయండి."

రాశాను.